చిరాగ్‌పల్లి గోడల బొమ్మలు

గోడకు వచ్చే జబ్బులకు తెలుగులో మంచి మాటలే ఉన్నాయి. నీరు ఎక్కితే చెమ్మ. ఆ నీరు ఆరిపోతూ తెల్లటి పొడిని పైకి తెస్తే చవుడు. నల్లటి చుక్కలు మొలిస్తే బూజు. గోడ విడిపోతే బీట. కాని ఈ మాటలు నోటిలో ఉన్నంత స్పష్టంగా ఛాయాచిత్రంలో ఉండవు. గిలాబా మీద వెంట్రుకలా పాకిన గీతనూ, పునాది కుంగితే గోడను చీల్చుకుంటూ పోయిన గీతనూ మనం బీట అనే అంటాం. బూజు అంటే సాలెగూడూ కావచ్చు, నెమ్ముకు మొలిచిన శిలీంధ్రమూ కావచ్చు. "గోడకు బూజు పట్టింది" అని ఎవరైనా ఫోనులో చెబితే, ఆ ఇంటికి కావలసింది చీపురో మేస్త్రీయో అడిగితే గాని తెలియదు.

కొన్నేళ్ళు పాత ఇళ్ళ మరమ్మతుల పని చూసినవాణ్ణని బంధువులు, వాళ్ళ బంధువులు నాకు గోడల ఫొటోలు పంపుతుంటారు. వాటిలో ఎక్కువ భాగం ఒక నిమిషంలో తేలిపోయేవే. తేలనివి కొన్ని ఉంటాయి. అటువంటి ఒక ఇంటి సంగతి ఈ టపాలో వివరంగా రాస్తాను. ఒక ఇంట్లోనే చెమ్మ, చవుడు, బూజు, బీట, ఏ ప్రమాదమూ లేని గిలాబా పగుళ్ళు అన్నీ దొరకడం అరుదు గనుక.

ఆ ఇల్లు జహీరాబాదు దగ్గర చిరాగ్‌పల్లిలో మా పెద్దమ్మది. హైదరాబాదు నుంచి పుణె వైపు పోయే రహదారి మీద, కర్ణాటక సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఊరు. ఒకప్పుడు తొమ్మిదో నంబరు రహదారి అనేవాళ్ళం, ఇప్పుడది అరవై అయిదు. ఆ ప్రాంతపు నేల రెండు రంగులది. ఒకచోట బీదరు దాకా పరచుకున్న ఎర్రటి లేటరైటు, దాని పక్కనే చెరకుకూ శనగకూ అనువైన నల్లరేగడి. పెద్దమ్మ ఇల్లు నల్లరేగడి మీద ఉంది. ఇల్లూ రెండు కాలాలది. వెనకవైపు మట్టి అడుసుతో కట్టిన రాతిగోడలు, కర్ర దూలాల మీద మట్టిమిద్దె. ముందువైపు పాతికేళ్ళ కింద కట్టిన ఇటుక గదులు రెండు, పైన స్లాబు.

2023 మే నెలలో అన్న పదకొండు ఫొటోలు పంపి ఫోను చేశాడు. "తమ్ముడూ, ఒక మేస్త్రేమో ముందటి గదులు కూల్చి మళ్ళ కట్టాలంటున్నడు. ఇంకొకాయన ఇవన్నీ గిలాబా పగుళ్ళే, పుట్టి పెట్టి రంగేస్తే సరిపోతదంటున్నడు. ఎవరి మాట వినాలె?" అన్నాడు. ఒకరి మాట వింటే లక్షలు పోతాయి. రెండోవారి మాట తప్పయితే అంతకంటె ఎక్కువే పోవచ్చు. ఎండాకాలం చల్లగా ఉంటుందని పెద్దమ్మ ఆ ఇంట్లోనే, వెనక రాతిగదిలో పడుకుంటుంది.

మొదట ఫొటో ఏమి దాస్తుందో చెప్పాలి. ఇప్పటి మామూలు ఫోను ఫొటో అడ్డంగా సుమారు 4000 చుక్కలు. నాలుగు మీటర్ల గోడ మొత్తం అందులో పట్టేలా తీస్తే ఒక చుక్క గోడ మీద ఒక మిల్లీమీటరు. అదే ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది సుమారు 1600 చుక్కలకు కుంచించుకుపోతుంది. అప్పుడొక చుక్కకు రెండున్నర మిల్లీమీటర్లు. మనం చూడదలచిన వెంట్రుక పగులు మూడోవంతు మిల్లీమీటరు కూడా ఉండదు. అంటే ఆ ఫొటోలో కనిపించే గీత వెడల్పుకు అర్థమే లేదు. సన్నది లావుగా కనబడవచ్చు, అసలు కనబడకనూ పోవచ్చు. మరొక మాయ కూడా ఉంది. బొమ్మ స్పష్టంగా కనిపించాలని ఫోను తనంత తానే అంచులకు పదును పెడుతుంది. దాంతో నల్లటి గీతకు ఇరువైపులా సన్నటి తెల్లటి నీడ పుడుతుంది. పగులు వెంట చవుడు పట్టిందని చాలామంది చూపించేది ఆ తెల్లదనాన్నే.

అందుకని అన్నకు మూడు పనులు చెప్పాను. ప్రతి గీతకూ దూరం నుంచి ఒకటి, జానెడు దూరం నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, మొత్తం మూడు ఫొటోలు తీయమన్నాను. దగ్గరి ఫొటోలో గోడకు ఏటీఎం కార్డు ఆనించి పెట్టమన్నాను. ఎక్కడి కార్డయినా వెడల్పు 85.6 మిల్లీమీటర్లే. రూపాయి బిళ్ళలయితే ఏ ఏడాదివి ఆ ఏడాది కొలతలో ఉంటాయి. పైగా కార్డు మందం సుమారు 0.76 మిల్లీమీటరు. పగులులోకి కార్డు అంచు దిగితే అది ముప్పాతిక మిల్లీమీటరు దాటినట్టు. కార్డు దిగక మామూలు తెల్లకాగితం మాత్రమే దిగితే అది వెంట్రుక పగులు దరిదాపుల్లోనే ఉన్నట్టు. ఇక మూడోది, పక్క ఫొటోలు రాత్రిపూట, టార్చిలైటును గోడకు ఆనించి అడ్డంగా వేసి తీయమన్నాను. ఎదురుగా ఫ్లాషు వేస్తే గోడ నున్నగా అద్దంలా కనిపిస్తుంది. అడ్డంగా పడిన వెలుగులో ప్రతి ఉబ్బూ ప్రతి గుంటా నీడ వేస్తుంది. ఫొటోలన్నీ కుంచించుకుపోకుండా డాక్యుమెంటుగా పంపమన్నాను.

రెండో విడతలో వచ్చిన ఫొటోల్లో మొదట ముందుగది పడమటి గోడ తేలిపోయింది. మేస్త్రీ కూల్చాలనడానికి చూపిన గోడల్లో ఇదొకటి. గోడంతా వలలా గీతలు. ఒక్కొక్క గడి అరచేతి నుంచి జానెడు దాకా ఉంది. గీతలు ఒక దిక్కుకు పోవు, ఒకదాన్నొకటి కలిసేచోట మూడు కొమ్మలుగా చీలుతాయి, మూల దాకా వచ్చి ఆగిపోతాయి. ఎక్కడా కార్డు దిగలేదు. సిమెంటు గిలాబా ఆరుతూ ముడుచుకుంటుంది. వెనక ఉన్న ఇటుక దాన్ని ముడుచుకోనివ్వక పట్టి ఉంచుతుంది. ఆ లాగులాటలో పైపొర చిట్లుతుంది. ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్ళ ఇసుక సరిపోయే చోట మూడు పాళ్ళే కలిపినా, ఇసుకలో ఒండ్రు ఎక్కువున్నా, నున్నగా రావాలని కరణీతో మరీ మరీ రుద్దినా, వారం రోజులు తడపవలసిన గోడను రెండు రోజులు తడిపి మానేసినా ఇది తప్పదు. మే నెల వడగాడ్పులో గిలాబా చేస్తే చెప్పనే అక్కరలేదు. అది పుట్టడమూ ఆగిపోవడమూ మొదటి కొద్ది నెలల్లోనే జరిగిపోతుంది.

కాని ఆకారం ఒక్కటే చూసి ఇది గిలాబా పగులే అని తీర్పు చెప్పలేం. రెండు సాక్ష్యాలు ఇంకా కావాలి. ఒకటి ఆ జానెడు ఫొటోలోనే దొరికింది. గీతల్లోకి పాత రంగు దిగి ఉంది, ఆ రంగు పొర చిట్లకుండా గీత మీదుగా సాగి ఉంది. అంటే రంగు వేసేనాటికే ఆ పగుళ్ళున్నాయి, ఆ తరవాత కదలలేదు. రెండోదానికి గోడను కాస్త నొప్పించాలి. ఒక పెద్ద గీత మీద అరచేయంత మేర గిలాబా చెక్కించి ఫొటో తీయించాను. కింద ఇటుకా, ఇటుకల మధ్య సందులూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. గీత గిలాబాతోనే మొదలై గిలాబాతోనే ముగిసింది. ఈ మూడూ కలిశాక పడమటి గోడ గురించి నిశ్చింతగా ఉండమన్నాను. వేలితో కొడితే డొల్లమోత వచ్చిన ఒకటి రెండు చోట్ల గిలాబా ఇటుకను వదిలింది. అక్కడ చెక్కి మళ్ళీ పూస్తే చాలు, అది గోడ జబ్బు కాదు.

ఇంకో రెండు గీతలు మరీ తేలిక. ఒకటి స్విచ్చిబోర్డు నుంచి పైకి బాణంలా నిటారుగా పోయింది. గోడను తవ్వి కరెంటు గొట్టం పెట్టి పూడ్చిన దారి అది. రెండోది స్లాబుకూ గోడకూ మధ్య అడ్డంగా గది చుట్టూ తిరిగింది. పగలంతా ఎండకు సాగి రాత్రికి ముడుచుకునే స్లాబు, సాగని ఇటుక మీద జరుగుతూ గీసుకున్న గీత. అందవికారమే గాని అపాయం కాదు. రెండు వేర్వేరు వస్తువులు కలిసే చోట తిన్నగా వచ్చే గీతను చూసి ముందుగా భయపడనక్కరలేదు.

భయపెట్టిన గీత తూర్పు గోడ మీద ఉంది. బయట నిలబడి చూస్తే కిటికీ కుడి పైమూల దగ్గర పుట్టి, ఇటుకల సందుల వెంట మెట్లుమెట్లుగా కుడివైపుకు ఎక్కి స్లాబును తాకింది. కిటికీ దగ్గర కార్డు దిగలేదు. స్లాబు దగ్గర అయిదు కార్డులు కలిపి పెడితే దిగాయి, అంటే దాదాపు నాలుగు మిల్లీమీటర్లు. లోపలి వైపు కూడా అదే గీత ఉంది. లోపలి నుంచి తీసిన ఫొటోలో అది ఎడమకు ఎక్కుతున్నట్టు కనిపించి, ఇవి వేరు వేరు బీటలని అన్న అనుకున్నాడు. గోడకు రెండు పక్కల నుంచీ తీసేటప్పుడు ఏది లోపల, ఏది బయట, ఏ దిక్కు అన్నది కాగితం మీద రాసి ఫొటోలో కనబడేలా అంటించాలి. అది లేక ఒకే బీటను రెండుగా లెక్కపెట్టినవాళ్ళు చాలామంది.

మెట్లుమెట్లుగా పోవడం, ఒక కొస సన్నగా ఒక కొస వెడల్పుగా ఉండడం, గోడకు రెండు వైపులా ఉండడం. ఈ మూడూ కలిస్తే అది గిలాబాది కాదు, గోడది. ఇటుకల సందుల్లోని సున్నమో సిమెంటో ఇటుక కన్న బలహీనం గనుక కదిలే గోడ ఆ మెట్లదారినే తెగుతుంది. ఏ వైపు కదిలిందో తెలుసుకోవడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. ఫొటో మీద పగులుకు సరిగా అడ్డంగా ఒక గీత గీయండి. ఆ గీత కింది కొస ఎటు చూపిస్తుందో సాధారణంగా అటువైపు నేల కుంగినట్టు. ఇక్కడ అది ఈశాన్యపు మూలను చూపింది. పగులు పైన వెడల్పుగా ఉండడమూ దానికి సరిపోయింది. మూల కిందికి ఒరిగితే గోడ పైన నోరు తెరుస్తుంది. మూలలు నిలిచి నడుమ కుంగితే కింద తెరుస్తుంది.

మూలనే కుంగడానికి కారణం దూరంగా తీసిన ఫొటోలో పక్కనే నిలబడి ఉంది. గోడకు పది అడుగుల దూరంలో వేపచెట్టు. నల్లరేగడిలోని బంకమన్ను నీరు తాగితే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. మన దేశంలో ఈ మార్పు దాదాపు మూడున్నర మీటర్ల లోతు దాకా ఋతువులతో పాటు సాగుతుందని లెక్క. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థవారు నల్లరేగడి కోసం అడుగున ఉబ్బెత్తుగా ఉండే పైళ్ళు రూపొందించింది, ఇంటి బరువును ఆ లోతు కిందికి దించడానికే. పెద్దమ్మ ఇంటి ఇటుకగదుల పునాది మూడడుగులు కూడా లేదు. ఎండాకాలం వేపవేళ్ళు ఆ మూలన ఉన్న కాస్త తేమనూ పీలుస్తాయి. గోడ నడుమనేమో స్నానాలగది నీళ్ళు బయటికి పారి నేలను ఏడాది పొడుగునా తడిగా ఉంచుతున్నాయి. ఒకే గోడ కింద ఒకచోట ఉబ్బిన నేల, ఒకచోట ముడుచుకున్న నేల.

అయితే ఈ బీట ఇంటిని కూల్చవలసినంతదా? బ్రిటన్‌లోని భవన పరిశోధనా సంస్థ ఇటువంటి పగుళ్ళకు వెడల్పును బట్టి ఒక వరస చేసింది. ఒక మిల్లీమీటరు దాకా అతిస్వల్పం, అయిదు దాకా స్వల్పం, పదిహేను దాకా మధ్యరకం, ఇరవై అయిదు దాకా తీవ్రం, ఆపైన మరీ తీవ్రం. మనది నాలుగు. కాని ఒకరోజు కొలతకన్న ఏడాది నడక ముఖ్యం. పగులుకు ఇరువైపులా పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తులు పెట్టించి, వాటి నడిమి దూరం కొలిచి, పక్కన తేదీ రాయించాను. నెలకొకసారి అదే చోట నిలబడి అదే ఫొటో. ఆగస్టులో పగులు నాలుగు నుంచి రెండుకు తగ్గింది. అక్టోబరులో ఒకటిన్నర. 2024 మేలో మళ్ళీ నాలుగు. ఏటేటా పెరిగే బీట ఒక రకం, వానకు మూసుకుని ఎండకు తెరుచుకునే బీట మరొక రకం. ఇది రెండోది. నేలతో పాటు ఊపిరి పీలుస్తున్నది.

అటువంటిదాన్ని మే నెలలో గట్టి సిమెంటుతో నింపడం పనికిరాదు. వానలకు నేల ఉబ్బినప్పుడు పగులు మూసుకోవాలి. అడ్డంగా సిమెంటు ఉంటే గోడ ఇంకోచోట పగులుతుంది. ఏడాదిగా ఊగుతున్న నేలను ముందు నిలబెట్టాలి. స్నానాలగది నీళ్ళను గొట్టం వేసి ఇంటికి దూరంగా మళ్ళించాం. గోడ వెంట మీటరు వెడల్పున, బయటికి వాలుగా చప్టా వేయించాం. ఎండా వానా నేరుగా పునాది పక్క మన్నును ముట్టకుండా. వేపచెట్టును కొట్టేద్దామన్నారు. ఒక్కసారిగా కొట్టేస్తే ఇన్నేళ్ళుగా అది తాగిన నీరంతా మట్టిలో చేరి ఆ మూల ఉబ్బుతుంది, కుంగిన గోడ ఇప్పుడు ఎత్తుకుంటుంది. అందుకని కొమ్మలు మాత్రం ఏటా కొంత తగ్గిస్తున్నారు. మేస్త్రీ కూల్చమన్న గదులు నిలిచే ఉన్నాయి.

లోపలి గదిలో బీరువా వెనక నల్లటి చుక్కలు బూజు. దాన్ని దీపం మసి అనుకునే వీలుంది, చవుడు అనుకునే వీలూ ఉంది, బూజు తెల్లగానూ ఉంటుంది గనుక. మసి దీపం పైన ఒక పొగగీతలా ఎక్కుతుంది. బూజు గుండ్రటి చుక్కలుగా మొదలై, అవి పెరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. చవుడుకు తడివేలు తగిలిస్తే కరిగి మాయమవుతుంది. బూజు కరగదు, అలుక్కుంటుంది. ఆ తేమ గోడలోంచి వస్తున్నదా, గదిలోని గాలి నుంచి చేరుతున్నదా తెలియడానికి, అడుగు చదరపు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగంచులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులు ఉంచమన్నాను. గోడవైపు చెమటలు పడితే తేమ గోడది, గదివైపు పడితే గాలిది. గోడవైపు పొడిగానే ఉంది. బీరువాను జానెడు ముందుకు జరిపి గాలి ఆడనిస్తే అక్కడితో అది ముగిసింది.

ఇక వెనక రాతిగది. అన్న పంపిన పదకొండు ఫొటోల్లో ఆ గదివి రెండే. పగుళ్ళు లేవు గనుక ఎవరూ దాని గురించి అడగలేదు. అంతకు ఆరేళ్ళ కింద పాత మట్టిపూత తీసేసి సిమెంటు గిలాబా చేయించారు. ఎదురుగా తీసిన ఫొటోలో గోడ నున్నగా, తెల్లగా, ఇంట్లో అన్నిటికన్న ఆరోగ్యంగా ఉంది. కాని నేల నుంచి అయిదడుగుల ఎత్తున ఒక అడ్డగీత వెంట రంగు పెచ్చులూడి, పెచ్చుల కింద దూదిలాంటి తెల్లటి పొడి ఉంది. నేలలోంచి ఎక్కే చెమ్మ మామూలుగా మూడు నాలుగడుగుల లోపే ఆగుతుంది. నీరు ఆరిపోయే చోటే చవుడు తేలుతుంది గనుక, చవుడు గీత ఎక్కడుంటే చెమ్మ అంచు అక్కడుంటుంది. అది అయిదడుగుల దాకా ఎందుకు ఎక్కింది?

పెద్దమ్మను అడిగితే సగం జవాబు దొరికింది. "గా గోడవతల మనకు కొట్టం ఉంటుండె గద. మీ పెదనాయిన ఉన్నప్పుడు ఆరు బర్రెలు" అంది. పశువుల మూత్రం పేడలలోని నత్రజని మట్టిలో సురేకారపు జాతి లవణాలుగా మారుతుంది. ఒకప్పుడు తుపాకిమందు కోసం సురేకారాన్ని ఊళ్ళలో పశువుల కొట్టాల మట్టి నుంచీ పాతగోడల అడుగుల నుంచీ తీసేవారు. ఈ లవణాల గుణం ఏమంటే, కొన్ని గాలిలోని తేమను కూడా పీల్చుకుంటాయి. అందుకే మేలో ఈ గోడ తెల్లటి పొడితో పొడిగా ఉంటుంది. ఆగస్టులో తీసిన ఫొటోలో పొడి లేదు, అదే చోట నల్లటి తడిమచ్చ ఉంది. చవుడు పోయిందని ఇంట్లో సంతోషించారు. పోలేదు, కరిగింది. పైకప్పు కారకున్నా, గొట్టం పగలకున్నా వానాకాలంలో తడిసే గోడ ఉందంటే ముందు అక్కడ ఒకప్పుడు ఏముండేదో అడగాలి. మే ఫొటో ఒకటే చూసినవారు చవుడంటారు, ఆగస్టు ఫొటో ఒకటే చూసినవారు కారుడంటారు. రెండూ పక్కపక్కన పెడితేనే అది ఒకే జబ్బని తెలుస్తుంది.

మిగిలిన సగం జవాబు సిమెంటు గిలాబాది. మట్టిపూత ఉన్నన్నాళ్ళు గోడ తాగిన నీరు ఆ పూతగుండా ఎక్కడికక్కడ ఆరిపోయింది. సిమెంటు దాన్ని మూసింది. బయటికి దారిలేని నీరు గోడలోనే పైకెక్కింది. రాళ్ళ మధ్య ఉన్నది సిమెంటు కాదు, మట్టి అడుసు. ఆరేళ్ళుగా తడుస్తున్న అడుసు మెత్తబడుతుంది.

అప్పుడే టార్చిలైటు ఫొటో తెరిచి చూశాను. నున్నటి ఆ తెల్లగోడ నడుమ, మనిషి నడుమెత్తున, పెద్ద పళ్ళెమంత వెడల్పున మెత్తటి నీడ ఒకటి పడింది. గీత లేదు, పగులు లేదు. గోడ కడుపుతో ఉంది. ఆ రాత్రే తూకపు గుండు వేలాడదీసి కొలవమన్నాను. పైన దారం గోడకు ఆనుతోంది, నడుమ గోడ దారాన్ని రెండంగుళాల మేర బయటికి నెడుతోంది.

ఈ ప్రాంతపు పాత రాతిగోడ చూడడానికి ఒకటే గాని నిజానికి రెండు గోడలు. లోపలి వరస, బయటి వరస, నడుమ చిల్లరరాళ్ళూ మట్టీ. రెండు వరసలనూ కలిపే పొడుగురాళ్ళు అక్కడక్కడా వేయకపోతే వాటిని పట్టి ఉంచేది అడుసొక్కటే. అది మెత్తబడితే ఒక వరస రెండోదాన్ని వదిలి కడుపు తెస్తుంది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున కిల్లారిలో భూకంపం వచ్చినప్పుడు అన్ని ప్రాణాలు పోవడానికి ఒక పెద్ద కారణం ఇదే. రెండు వరసలూ విడిపోయిన రాతిగోడలు, వాటి మీద బరువైన మట్టిమిద్దెలు. కిల్లారి చిరాగ్‌పల్లికి నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఇల్లు కట్టే తీరు మాత్రం ఒకటే. అటువంటి గోడ కూలడానికి భూకంపమే రానక్కరలేదు, ఒక పెద్ద వాన కూడా చాలు. పెద్దమ్మ మంచం ఆ గోడను ఆనుకునే ఉంది.

మంచం ఆ రాత్రే ముందుగదికి మారింది. ఆమె ఒప్పుకోలేదు. "బీటలు వడ్డ గదిల వండుమంటవు, మంచిగున్న గది ఇడిసి. నాకు సమజైతలేదు బిడ్డా" అంది. ఆ మాటలో తప్పేమీ లేదు. కళ్ళకు కనిపించేది అదే మరి. వారం లోపల జహీరాబాదు నుంచి ఒక ఇంజనీరు వచ్చి చూశాడు. దూలాల కింద కర్రలు నిలబెట్టి మిద్దె బరువును గోడ మీది నుంచి తప్పించారు. సిమెంటు గిలాబా చెక్కించగానే గోడలోంచి తడిమట్టి ముద్దలుగా రాలింది. కడుపు వచ్చిన మేర రాళ్ళు విప్పి, రెండు వరసలనూ కలుపుతూ రెండడుగులకొక పొడుగురాయి వేసి మళ్ళీ కట్టారు. పైన సిమెంటు కాక సున్నపు పూత పూశారు. ఆ పూత మీద వచ్చే రెండు మూడేళ్ళు చవుడు తేలుతూనే ఉంటుందని, దాన్ని నీళ్ళతో కడగకుండా పొడిబ్రష్షుతో దులిపి ఎత్తి పారబోయాలని చెప్పాం. కడిగితే కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది.

ఫొటో చూసి గోడకు ఏ భయమూ లేదని చెప్పగలిగిన సందర్భాలు ఉన్నాయి. పడమటి గోడ అటువంటిది. కాని అక్కడ ఆ మాట చెప్పించినది ఒక ఫొటో కాదు. వలలాంటి ఆకారం, కదలని రంగు, గిలాబా కింద చెక్కుచెదరని ఇటుక, మూడు సాక్ష్యాలు ఒకే మాట చెప్పాయి. గీత లేదు గనుక భయం లేదని చెప్పే హక్కు మాత్రం ఏ ఫొటోకూ లేదు. గోడ ఫొటో అడిగినవారికి గీతలున్న చోటే తీసి పంపుతాం. నేనిప్పుడు ఎవరైనా ఫొటోలు పంపితే గీతలు లేని గోడలవి కూడా, రాత్రిపూట, టార్చిలైటు అడ్డంగా వేసి తీసి పంపమంటున్నాను.

పెద్దమ్మ వెనకగదికి 2024 సంక్రాంతికి తిరిగి వెళ్ళింది. మంచం మాత్రం గోడకు మూరెడు ఎడంగా వేయించుకుంది.